సముద్రం దాటి వచ్చిన తీర్పు

ఒక రాజ్యంలో న్యాయమూర్తి వ్రాసిన తీర్పు ఆ రాజ్యపు ఎల్లలలో శాసనం. ఎల్ల దాటినంతనే అది శాసనమన్న హోదాను కోల్పోతుంది. పరదేశపు న్యాయస్థానం దానిని చదివి, పరిశీలించి, అంగీకరించినప్పుడే అక్కడ తిరిగి ప్రాణం పోసుకుంటుంది. ఏ తీర్పును అంగీకరించవలెను, దేనిని తోసిపుచ్చవలెను అనే ప్రశ్న పైకి న్యాయవాదుల వ్యవహారంగా కనిపిస్తుంది. కాని కొడుకును అమెరికాకు, అల్లుని గల్ఫుకు పంపిన మన తెలుగు కుటుంబాలకు అది ఇంటి గడపలో నిలిచిన ప్రశ్న. ఈ వ్యాసంలో ఆ విశాల విషయంలో ఒక్క భాగాన్నే తీసుకొంటాను. విదేశంలో భర్త పొందిన విడాకుల తీర్పును మన న్యాయస్థానం ఎప్పుడు కాదంటుంది, కాదనుట ఎంతవరకు న్యాయం అన్నదే ఆ భాగం.

ముందుగా మన చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 13వ సెక్షను ఒక మూలసూత్రంతో ఆరంభమవుతుంది. కక్షిదారుల మధ్య ఏ విషయాన్ని విదేశీ న్యాయస్థానం సూటిగా నిర్ణయించిందో, ఆ విషయంలో ఆ తీర్పే అంతిమం. మన న్యాయమూర్తి ఆ తీర్పుపై అప్పీలు వింటున్నవాడు కాదు. సాక్ష్యాన్ని విదేశీ న్యాయమూర్తి సరిగా తూచలేదనో, చట్టాన్ని తప్పుగా అన్వయించినాడనో చెప్పి దానిని తీసివేయుటకు వీలులేదు. తీసివేయుటకు కారణాలు ఆరే. ఆ న్యాయస్థానానికి అధికార పరిధి లేకపోవుట, వివాదపు గుణదోషాలను విచారించకుండానే తీర్పు ఇచ్చుట, అంతర్జాతీయ న్యాయాన్ని తప్పుగా గ్రహించుట లేక వర్తించవలసిన భారత చట్టాన్ని గుర్తింప నిరాకరించుట, సహజ న్యాయసూత్రాలకు విరుద్ధంగా విచారణ జరుగుట, మోసంతో తీర్పు సంపాదించుట, భారతదేశంలో అమలులో ఉన్న చట్టాన్ని ఉల్లంఘించిన దావాను సమర్థించుట. ఈ సెక్షను అన్ని మతాల వారికీ ఒక్కటే.

ఇక్కడ గుర్తింపు వేరు, అమలు వేరు అని తెలిసికొనుట అవసరం. డబ్బు చెల్లించమన్న తీర్పుకు అమలు కావలెను, అనగా ఆస్తి జప్తు కావలెను. మన ప్రభుత్వం పరస్పర దేశాలుగా ప్రకటించిన బ్రిటన్, సింగపూర్ వంటి దేశాల నుండి డబ్బు డిక్రీ వస్తే 44-ఏ సెక్షను ప్రకారం దాని ధ్రువీకృత నకలును నేరుగా జిల్లా కోర్టులో దాఖలు చేసి అమలు కోరవచ్చును. 2020 జనవరిలో ఐక్య అరబ్ ఎమిరేట్స్ కూడా ఈ పట్టికలో చేరినది. దుబాయిలో బాకీపడి వచ్చినవాని మీద అక్కడి కోర్టు ఇచ్చిన డిక్రీని నేడు కరీంనగరులోని అతని ఆస్తిపై అమలు చేయమని కోరవచ్చును. అప్పుడు సైతం 13వ సెక్షనులోని ఆరు అభ్యంతరాలూ అతనికి ఉంటాయి. అమెరికా ఈ పట్టికలో లేదు. అక్కడి డబ్బు తీర్పును పట్టుకొని మూడేళ్లలోగా ఇక్కడ క్రొత్తగా దావా వేయవలసిందే. విడాకుల తీర్పు సంగతి వేరు. దానిలో జప్తు చేయవలసినది ఏదీ లేదు. ఆ స్త్రీ భార్యయా, కాదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు కావలెను. అందుకే అక్కడ గుర్తింపే సర్వస్వం.

ఆ ప్రశ్న పూర్తిగా విచారణకు వచ్చిన వ్యాజ్యం మన తిరుపతిలోనే పుట్టినది. 1975 ఫిబ్రవరిలో అక్కడ హిందూ ధర్మశాస్త్ర ప్రకారం ఒక వివాహం జరిగినది. 1978 జూలైలో దంపతులు వేరుపడినారు. భర్త తిరుపతి సబ్ కోర్టులో విడాకులకై పిటిషను వేసి, అందులో తాను అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లియన్స్ నివాసినని, భారత పౌరుడనని, తామిద్దరూ చివరిసారిగా కలిసి ఉన్నది ఆ నగరంలోనేనని చెప్పుకొన్నాడు. ఆ పిటిషను అలా ఉండగానే మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో మరొక పిటిషను వేసినాడు. అక్కడ తాను మిస్సోరిలో 90 దినాలకు తక్కువ కాకుండా నివసించినానని, భార్య తనను విడిచిపెట్టినదని వ్రాసినాడు. భార్య ఇక్కడి నుండి, ఆ కోర్టు అధికారాన్ని తాను ఒప్పుకొనుట లేదని ముందే చెప్పి, నిరసనతో ఒక జవాబు పంపినది. ఆమె లేకుండానే 1980 ఫిబ్రవరి 19న ఆ కోర్టు వివాహం సరిదిద్దరానంతగా భగ్నమైనదన్న కారణంతో రద్దు చేసినది. ఆ డిక్రీ చేతికి వచ్చినది కనుక తిరుపతి పిటిషనుతో ఇక పనిలేదని భర్త దానిని కొట్టివేయించుకొన్నాడు. 1981 నవంబరులో యాదగిరిగుట్టలో మరొక వివాహం చేసికొన్నాడు.

మొదటి భార్య ద్విభార్యత్వ నేరం మోపి క్రిమినల్ ఫిర్యాదు చేసినది. మిస్సోరి డిక్రీ నిజమైన విడాకులైతే నేరం లేదు; కాకపోతే ఉన్నది. మేజిస్ట్రేటు భర్తను విడుదల చేసినాడు. హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసినది. చివరకు 1991 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వ్రాసినవారు జస్టిస్ పి. బి. సావంత్.

ఆ తీర్పులో మొదట ఎదురయ్యేది కాగితం సంగతి. భర్త దాఖలు చేసినది ఫోటోస్టాట్ నకలు. హైకోర్టు దానిని సాక్ష్యంగా చెల్లదన్నది. ఫోటోస్టాట్ అయినంత మాత్రాన చెల్లకపోదని, అక్కడి కోర్టు గుమాస్తా దానిని ధ్రువీకరించినాడని సుప్రీంకోర్టు వివరించినది. లోపం మరొకచోట ఉన్నది. ఆ దేశంలో న్యాయస్థానపు నకళ్లను ధ్రువీకరించే పద్ధతి అదేనని, అక్కడ ఉండే మన కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ఇవ్వవలసిన సర్టిఫికెట్టు దానికి లేదు. నాటి సాక్ష్య చట్టపు 86వ సెక్షను దానిని కోరినది. ఇది చిన్న విషయంగా తోచవచ్చును. కాని ఏ విదేశీ తీర్పు విషయంలోనైనా మొదట అడుగవలసిన ప్రశ్న ఇదే: ఎదుట ఉన్న కాగితం నిజంగా ఆ కోర్టు తీర్పేనని ఎవరు పూచీ పడుతున్నారు?

తరువాతిది అధికార పరిధి. చాలామంది పొరబడేది ఇక్కడే. మిస్సోరి చట్టం 90 దినాల నివాసం చాలునన్నది. ఆ లెక్కన అక్కడి న్యాయమూర్తికి అధికారం ఉన్నట్లే. కాని మన కోర్టు అడిగే ప్రశ్న అది కాదు. ఆ కోర్టు తన ఇంటి నియమాల ప్రకారం నడచినదా అన్నది ఆ దేశపు గొడవ. ఈ దంపతుల విషయంలో నిర్ణయించే యోగ్యత ఆ కోర్టుకు ఉన్నదని మనం ఒప్పుకొనవలసిన కారణం ఉన్నదా అన్నదే మన గొడవ. దంపతులు ఏ చట్టం క్రింద వివాహమాడినారో ఆ చట్టం గుర్తించే న్యాయస్థానానికే ఆ యోగ్యత అని సుప్రీంకోర్టు చెప్పినది. హిందూ వివాహ చట్టంలో అప్పటికి ఉన్న ప్రధాన చోట్లు పెండ్లి జరిగిన చోటు, ప్రతివాది నివసించే చోటు, ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోటు. మిస్సోరి వీటిలో ఏదీ కాదు. తీర్పు హిందూ వివాహం గురించినదే అయినా సూత్రాన్ని మాత్రం వివాహ చట్టం ఏదైనా వర్తించే మాటలలోనే చెప్పినారు.

అధికారం లేని కోర్టుకు కక్షిదారు తానే తలవంచితే ఆ లోపం తీరిపోతుందన్నది పాత సూత్రం. భార్య జవాబు పంపినది కదా, అది తలవంచుట కాదా అని వాదం వచ్చినది. కాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. అధికారాన్ని ఒప్పుకొననని చెబుతూ వ్రాసిన జవాబు సమర్పణ కాదు. అయితే ఈ మాటలో మెలకువ ఉన్నది. అటువంటి నోటీసు అందుకొన్న స్త్రీ, నిరసన మాట వ్రాయకుండా భర్త ఆరోపణలకు ఒక్కొక్కటిగా సమాధానమిస్తూ పోతే, వకీలును పెట్టి వాదింపజేస్తే, రేపు ఆమె ఆ కోర్టును ఒప్పుకొన్నదన్న వాదానికి తావిచ్చినట్లే. మౌనంగా ఉండుట కూడ మంచిది కాదు. తెలిసియు పలుకలేదన్న నింద వస్తుంది. మొదటి వాక్యంలోనే నిరసన వ్రాసి ఆ జవాబు నకలును దాచుకొనుట ఆ తిరుపతి స్త్రీ చేసిన పని. పదేండ్ల తరువాత ఆ ఒక్క వాక్యమే ఆమెను నిలబెట్టినది.

మూడవది సహజ న్యాయం. నోటీసు చేరినది కనుక న్యాయం జరిగినదని పాత పద్ధతి భావించేది. 1991 తీర్పు ఆ భావనను దాటి ముందుకు వెళ్లినది. టపాలో వచ్చిన కాగితం చేతికందినంత మాత్రాన ఆమెకు వినిపించుకొనే అవకాశం కలిగినట్లు కాదు. పదివేల మైళ్ల దూరం వెళ్లుటకు ప్రయాణపు ఖర్చు ఎవరిది? వీసా ఎవరు ఇప్పిస్తారు? అక్కడి వకీలు ఫీజు ఏ రూపాయలతో కట్టాలి? ఆమె నిజంగా తన పక్షం వినిపించగల స్థితిలో ఉన్నదా అని విదేశీ కోర్టు కనుక్కొనవలెనని, లేకపోతే ఆ స్థితి కలిగించవలెనని సుప్రీంకోర్టు భావం. గుణదోషాల విచారణ అన్న కారణం కూడ దీనికి దగ్గర చుట్టమే. ప్రతివాది రాలేదన్న ఒక్క కారణంతో, సాక్ష్యం చూడకుండా ఇచ్చిన డిక్రీ గుణదోషాల మీద ఇచ్చినది కాదు. ప్రతివాది రాకున్నా సాక్ష్యం తీసికొని తూచి ఇచ్చినట్లయితే అది ఆ లోపం నుండి బయటపడవచ్చునని 2001లో సుప్రీంకోర్టే ఒక వ్యాపార వ్యాజ్యంలో చెప్పినది. కనుక ఏకపక్షం అన్న మాట వినగానే డిక్రీ చెల్లదనుట తొందరపాటు.

నాలుగవది మోసం. ఒక కోర్టులో లూసియానా నివాసి, మరొక కోర్టులో మిస్సోరి నివాసి! ఆ మనిషి మిస్సోరిలో దారినపోయే పక్షి వంటివాడేనని రికార్డే చెబుతున్నదని సుప్రీంకోర్టు గుర్తించినది. ఈ ఒక్క కారణంతోనే వ్యాజ్యాన్ని ముగించవచ్చును. 1974లో ఇటువంటిదే ఒక పంజాబు కేసులో జస్టిస్ వై. వి. చంద్రచూడ్ అలాగే చేసినారు. అక్కడి భర్త నెవాడా రాష్ట్రంలో కొద్దివారాలు మాత్రం ఉండి, స్థిరనివాసినని చెప్పి విడాకులు తెచ్చినాడు. జలంధరులో జీవనభృతి అడిగిన భార్యకు ఆ కాగితాన్ని అడ్డం పెట్టినాడు. కోర్టు దానిని మోసంగా తీసివేసినది. 1991లో కోర్టు అంతటితో ఆగక అందరికీ పనికివచ్చే నియమాలను పెట్టదలచినది.

ఐదవది, నా అభిప్రాయ భేదానికి మూలమైనది, తీర్పుకు ఆధారమైన కారణం. వివాహం సరిదిద్దరానంతగా భగ్నమగుట మన హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణం కాదు. నాడు కాదు, నేడూ కాదు. కనుక మన చట్టంలో లేని కారణంతో ఇచ్చిన విడాకులు మన చట్టానికి విరుద్ధమని కోర్టు అన్నది. 13వ సెక్షనులో ప్రజాహిత విధానం అన్న పేరుతో ప్రత్యేక కారణం లేదు. అనేక దేశాల చట్టాలలో ఉన్నది. మన దేశంలో ఆ పని భారత చట్టోల్లంఘన అన్న చివరి కారణం, సహజ న్యాయం అన్న కారణం కలిసి చేస్తున్నాయి. నిజమైన విడాకులు అంటే ఏమిటో మన భావన, మన ప్రజాహిత విధానమే నిర్ణయించవలెనని 1974 తీర్పే చెప్పినది.

ఈ నియమాలకు కోర్టు మూడు మినహాయింపులు ఇచ్చినది. ప్రతివాది శాశ్వతంగా నివసించే చోటి కోర్టు, మన చట్టంలో ఉన్న కారణంతోనే తీర్పు ఇస్తే చెల్లుతుంది. ప్రతివాది ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీద వాదిస్తే చెల్లుతుంది. ప్రతివాది సమ్మతిస్తే, కోర్టుకు పరిధి లేకపోయినా చెల్లుతుంది.

తిరుపతి స్త్రీకి ఈ తీర్పు న్యాయమే చేసినది. అయినా ఈ నియమాన్ని అన్ని కుటుంబాలకూ పరచి చూస్తే ఒక చోట ముల్లు గుచ్చుకొంటుంది. భార్యాభర్తలిద్దరూ పదిహేనేండ్లు డల్లాసులోనో లండనులోనో స్థిరపడినారనుకొందాం. భార్యయే అక్కడి కోర్టుకు వెళ్లి, భర్త వకీలుతో సహా హాజరై వాదించగా, వివాహభంగం అన్న కారణంతో విడాకులు పొందినది. పరిధిలో లోపం లేదు, విచారణలో లోపం లేదు, మోసం లేదు. అయినా భర్త స్వదేశానికి వచ్చి ఆ కారణం మన చట్టంలో లేదు, నీవింకా నా భార్యవే అనవచ్చును. ఆమె మరల పెండ్లి చేసికొనియుంటే నేరారోపణ ఆమె మీదికే తిరుగవచ్చును. స్త్రీని కాపాడుటకు ఎత్తిన డాలు ఇక్కడ ఆమె తలకే తగులుతున్నది.

ఇటువంటి వివాహాలను న్యాయశాస్త్రజ్ఞులు కుంటి వివాహాలంటారు. ఒక దేశంలో ఆ స్త్రీ భార్య, మరొక దేశంలో కాదు. మన కోర్టు గుర్తింపు నిరాకరించినంత మాత్రాన విదేశంలో ఆ డిక్రీ రద్దు కాదు. అక్కడ అతడు స్వేచ్ఛాజీవే. ఇక్కడి కోర్టు ఇచ్చిన జీవనభృతి ఉత్తర్వు అక్కడి జీతం నుండి దానంతటదే కోసికొని రాదు. నిరాకరణ ఆమెకు భార్య అన్న పేరును నిలబెట్టినది గాని, అన్నం పెట్టలేదు.

కాబట్టి నిరాకరణకు కారణాలను రెండు జాతులుగా విడదీయవలెనని నా అభిప్రాయం. పరిధి, సహజ న్యాయం, మోసం మొదటి జాతి. ఇవి ఎదురు పక్షానికి నోరు లేకుండా చేసిన తీర్పు నుండి మనిషిని కాపాడుతాయి. వీటిని ఎంత కఠినంగా పాటించినా తప్పులేదు. మన చట్టంలో ఆ కారణం లేదన్నది రెండవ జాతి. అది మనిషిని గాక చట్టపు అహాన్ని కాపాడుతుంది. ప్రజాహిత విధానం అన్న మాటను ఈ రెండవ అర్థంలో విస్తరింపరాదు. పరదేశపు చట్టం మన చట్టం వలె లేదన్నంత మాత్రాన అది మన మనస్సాక్షికి విరుద్ధం కాదు. పైగా ఇల్లు చూసుకొంటే ఏముంది? వివాహభంగాన్ని విడాకుల కారణంగా చేర్చమని మన లా కమిషను 1978లోనే సిఫారసు చేసినది. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 142వ అధికరణం క్రింద ఆ కారణంతోనే తాను వివాహాన్ని రద్దు చేయవచ్చునని చెప్పినది. మన అత్యున్నత న్యాయస్థానమే వాడుకొనే కారణాన్ని, పరదేశపు కోర్టు వాడుకొన్నదని తప్పుపట్టుట ఎట్లు?

దీనికి మందు న్యాయస్థానాల వద్ద లేదు, పార్లమెంటు వద్ద ఉన్నది. విదేశీ విడాకుల గుర్తింపుకు ప్రత్యేక చట్టం కావలెనని 1974 తీర్పులోనే జస్టిస్ చంద్రచూడ్ కోరినారు. 1976లో లా కమిషను తన 65వ నివేదికలో అదే చెప్పినది. అర్ధ శతాబ్దం గడచినా ఆ చట్టం రాలేదు. వస్తే అందులో మూడు మాటలు స్పష్టంగా ఉండవలెను. విడాకులిచ్చిన కోర్టు ఉన్న చోట దంపతులలో ఒకరైనా నిర్ణీత కాలం నిజంగా నివసించి ఉండవలెను. తొంబది దినాల మజిలీ చాలదు. ప్రతివాదికి వెళ్లి వాదించుకొనుటకు కావలసిన ఖర్చు వాది చెల్లించినట్లు, ఆమె జీవనభృతికి ఏర్పాటు జరిగినట్లు తీర్పులో కనబడవలెను. ఈ రెండూ ఉన్నప్పుడు విడాకుల కారణం మన చట్టంలోనిదా కాదా అన్న విచారణ ఉండరాదు.

తిరుపతి భార్య గెలిచినది భర్త చట్టం పరాయిది కావటం చేత కాదు; ఆమె లేని గదిలో ఆమె జీవితాన్ని నిర్ణయించినందుచేత. విదేశీ తీర్పును కాదనవలసి వచ్చిన ప్రతిసారీ మన న్యాయస్థానం వెదకవలసినది ఆ ఖాళీ కుర్చీనే.